మిర్చి తోట ఉంచాలా, తీసెయ్యాలా?
పెట్టిన పెట్టుబడి కాదు, ఇకపై పెట్టబోయేది లెక్క వెయ్యండి

డిసెంబరు మొదటి వారం వచ్చింది. సెప్టెంబరు మొదట్లో నాటిన మిరప తోటకు ఇప్పుడు మూడు నెలలు. ఈపాటికి మొదటి కోతకు కాయ రంగు తిరుగుతూ ఉండాలి. అలా ఉన్న రైతుకు ఈ వ్యాసంతో పనిలేదు. చేలో సగం మొక్కలు ముడుచుకుపోయి, పూత నిలవక, వారానికి రెండుసార్లు మందు కొడుతూ, "ఇంకొక్కసారి కొట్టి చూద్దాం" అనుకుంటున్న రైతు మాత్రం ఈ వారం ఒక నిర్ణయానికి రావాలి. తోటను ఇలాగే కొనసాగించాలా? మరికొంత పెట్టి కోలుకునేలా చెయ్యాలా? లేక దున్నేసి వేరే పైరు వేసుకోవాలా?

2021లో నల్ల తామర పురుగు మన మిరప చేల మీద పడ్డప్పుడు ఈ ప్రశ్న ఎందరికో ఎదురైంది. పువ్వుల్లో చేరి రసం పీల్చే ఆ పురుగు దెబ్బకు పూతంతా రాలిపోయింది. కొందరు వెంటనే తోట తీసేశారు. కొందరు సంక్రాంతి దాటేదాకా మందులు కొట్టి, అప్పుడు తీసేశారు. నష్టం ఇద్దరికీ వచ్చింది. కానీ రెండోవారికి పైరు నష్టంతోపాటు మందుల అప్పు మీద పడింది, ఇంకో పైరు వేసుకునే అదనూ పోయింది. తీసెయ్యడం, ఉంచడం రెండింటిలో ఏది మంచిదో చేను చూడకుండా చెప్పలేం. ఎలా తేల్చుకోవాలో మాత్రం చెప్పుకోవచ్చు.

పోయిన ఖాతా పక్కన పెట్టండి

"ఎకరానికి లక్ష దాకా పెట్టాను, ఇప్పుడెలా తీసేస్తాను?" అని చాలామంది అంటారు. ఆ బాధ నిజమే. అయితే నారు, దుక్కి, ఎరువు, ఇప్పటిదాకా కొట్టిన మందులు... ఇవన్నీ తోట ఉంచినా తిరిగి రావు, తీసేసినా తిరిగి రావు. రెండు దారుల్లోనూ అవి సమానమే కాబట్టి లెక్కలో రెండు వైపులా కొట్టేయండి.

కౌలు కూడా అంతే. ముప్పై వేలకు గుత్తకు మాట్లాడుకుని ఉంటే, మిర్చి ఉన్నా మొక్కజొన్న ఉన్నా ఆ ముప్పై వేలు కట్టాల్సిందే. "కౌలు గిట్టాలి గనుక మిర్చి ఉంచాలి" అనేది సరైన లెక్క కాదు. కౌలు గిట్టడానికి ఇకపై ఏ పైరు ఎక్కువ మిగులుస్తుందో అదే చూడాలి.

కాబట్టి అడగాల్సిన ప్రశ్నలు రెండే. ఈరోజు నుంచి నేను ఇంకా ఎంత పెట్టాలి? దానికి ఎంత చేతికొస్తుంది? ఈ రెంటికీ జవాబు చేలోనే ఉంది.

వంద మొక్కలు లెక్కపెట్టండి

గట్టు మీద నిలబడి చూస్తే తోట మొత్తం పోయినట్టో, మొత్తం బాగున్నట్టో కనిపిస్తుంది. అది నమ్మొద్దు. చేను నాలుగు మూలల్లో గట్టు నుంచి పది అడుగులు లోపలికి వెళ్లి ఒక్కోచోట ఇరవై మొక్కలు, నడిమధ్యలో ఇరవై మొక్కలు చూడండి. మొత్తం వంద. నచ్చిన మొక్క ఏరుకోకుండా సాలు వెంబడి వరసగా చూడాలి. ఒక్కో మొక్కను మూడు రకాల్లో ఒకదాని కింద రాసుకోండి.

మొదటి రకం: మొక్క ఏపుగా ఉంది, కాయ పట్టింది, కొంచెం ముడత ఉన్నా చిగురు వస్తోంది.

రెండో రకం: ముడత బాగా ఉంది, పూత రాలుతోంది, అయినా మొవ్వు బతికే ఉంది. పక్క కొమ్మల్లో కొత్త చిగురు కనిపిస్తోంది.

మూడో రకం: వైరస్ పట్టిన మొక్క, ఎండు తెగులుతో వాడిన మొక్క, మొవ్వు మాడిపోయిన మొక్క. వీటిమీద ఎంత పెట్టినా ఫలితం ఉండదు.

ఇక్కడే చాలామంది పొరబడతారు. ముడతంతా ఒకటి కాదు. ఆకు అంచులు పైకి ముడుచుకుని దోనెలా అయితే అది తామర పురుగు పని. ఆకులు కిందికి ముడుచుకుని తిరగేసిన పడవలా ఉండి, కాడలు సాగితే అది నల్లి. ఈ రెండూ పురుగుల వల్ల వచ్చేవి, అదుపు చేస్తే కొత్త ఆకు మామూలుగా వస్తుంది. ఆకులు చిన్నవై, ఈనెలు పచ్చబడి, కణుపులు దగ్గరపడి మొక్క గుబురుగా గిడసబారితే అది తెల్లదోమ తెచ్చిన ఆకుముడత వైరస్. దానికి మందు లేదు. మందు కొడితే దోమ చస్తుందేమో గాని, మొక్కలో చేరిన వైరస్ పోదు.

పువ్వుల్లో పురుగు ఉందో లేదో చూడటానికి తెల్ల కాగితం చాలు. ఉదయంపూట పది పువ్వులు తెంపి కాగితం మీద దులపండి. నల్లగా, సన్నగా, నువ్వుగింజకన్నా చిన్నవిగా పాకేవి కనిపిస్తే అవే తామర పురుగులు. ఇంకా గుంపులుగా రాలుతున్నాయంటే మీరు కొట్టిన మందు పని చెయ్యలేదని అర్థం.

కాయ లెక్క నుంచి క్వింటాలు లెక్క

అదే వంద మొక్కల్లో నిలిచిన కాయలు కూడా లెక్కపెట్టండి. ఒక ఎండు కాయ సుమారు గ్రాము తూగుతుంది. తేజ లాంటి సన్నకాయ అయితే ఇంకా తక్కువ. ఇంట్లో నిరుటి కాయ ఉంటే వంద కాయలు తూచి చూసుకోండి, మీ రకం బరువు తెలిసిపోతుంది.

ఒక ఉదాహరణ చూద్దాం. ఒక కౌలు రైతుకు రెండెకరాల మిరప ఉంది, ఎకరానికి పన్నెండు వేల మొక్కలు. ఒక ఎకరం మెరక, ఒకటి పల్లం. మెరక ఎకరంలో వంద మొక్కలు చూస్తే మొదటి రకం 40, వాటికి సగటున 50 కాయలు. రెండో రకం 35, వాటికి 15 కాయలు. మూడో రకం 25, వాటికి కాయే లేదు. మొత్తం 2,525 కాయలు. అంటే మొక్కకు సగటున 25. పన్నెండు వేల మొక్కలకు మూడు లక్షల కాయలు. గ్రాము చొప్పున మూడు క్వింటాళ్లు. చెట్టు మీద ఈరోజు ఉన్న పంట ఇంతే.

పల్లపు ఎకరంలో వర్షాలప్పుడు నీరు నిలిచింది. అక్కడ వందలో 60 మూడో రకం. మిగతా వాటికి పదేసి కాయలు ఉన్నా క్వింటాలులో సగం రాదు. ఆ ఎకరానికి ఇంకో పరీక్ష అక్కర్లేదు, తీసెయ్యడమే. రెండెకరాలు ఒకే కౌలు కింద ఉన్నాయని రెండింటికీ ఒకే నిర్ణయం చెయ్యొద్దు. పోయిన ముక్కను వదులుకుంటే బతికే ముక్కకు నీరు, డబ్బు, మనిషి శ్రద్ధ దొరుకుతాయి.

కోత కూలే అసలు గీటురాయి

ఇక మెరక ఎకరం సంగతి. ఇకపై మందులు, ఎరువులు, కలుపు, తడులు అన్నీ కలిపి పంట ముగిసేదాకా 30 వేలు అవుతుందనుకుందాం. కోత ఖర్చు ఇందులో కలపలేదు. దాన్ని విడిగా, క్వింటాలు చొప్పున చూడాలి. ఎందుకో చెప్తాను.

కాయ గుత్తంగా ఉన్న తోటలో ఒక కూలీ రోజుకు 40 కిలోల పండుకాయ కోస్తుందనుకోండి. నాలుగు కిలోల పండుకు సుమారు కిలో ఎండుకాయ. అంటే రోజుకు పది కిలోలు, క్వింటాలుకు పదిమంది కూలీలు. కూలి 400 అయితే 4 వేలు. కాయ పల్చగా ఉన్న తోటలో అదే మనిషి 20 కిలోలే కోయగలదు. అప్పుడు క్వింటాలుకు ఇరవై మంది, 8 వేలు.

యార్డులో ధర 14 వేలు అనుకుందాం. సంచులు, కిరాయి, ఎండబెట్టడం, కమీషను కలిపి వెయ్యి తీసేస్తే, గుత్తమైన తోటలో క్వింటాలుకు 9 వేలు మిగులుతుంది. పల్చటి తోటలో 5 వేలే. ధర ఒకటే అయినా మిగులు సగం అయిపోయింది. "నాలుగు క్వింటాళ్లు వచ్చినా ధర ఉంది కదా" అనుకునేవారు ఈ కోత కూలిని మరిచిపోతారు.

ఇప్పుడు గీతలు గీద్దాం. ఇకపై పెట్టే 30 వేలు తిరిగి రావాలంటే, గుత్తమైన తోటలో మూడున్నర క్వింటాళ్లు కావాలి. పల్చటి తోటలో ఆరు క్వింటాళ్లు కావాలి. పల్చటి తోట ఆరు క్వింటాళ్లు ఇవ్వదు.

తిరిగి వస్తే సరిపోదు. తోట తీసేసి ఇంకోటి వేస్తే ఏం మిగులుతుందో కూడా చూడాలి. నీరు ఖాయంగా ఉంటే మొక్కజొన్న వేయొచ్చు. డిసెంబరులో వేసింది కాబట్టి దిగుబడి కొంచెం తగ్గించి 25 క్వింటాళ్లు, ధర 2 వేలు అనుకుంటే 50 వేలు. తోట పీకే ఖర్చుతో సహా 30 వేలు పోతే 20 వేలు మిగులు. కాబట్టి మిర్చి ఉంచాలంటే 30 వేలు రావడమే కాదు, మీద ఇంకో 20 వేలు మిగలాలి. అంటే గుత్తమైన తోటలో కనీసం ఐదున్నర క్వింటాళ్ల పైచిలుకు.

ఈ అంకెలన్నీ ఉదాహరణకే. మీ కూలి రేటు, మీ యార్డు ధర, మీ నీటి సంగతి పెట్టి మీరే లెక్క వేసుకోండి. పద్ధతి మారదు.

పన్నెండు రోజుల పరీక్ష

మెరక ఎకరంలో చెట్టు మీద ఉన్నది మూడు క్వింటాళ్లే. అదే పంట అయితే ఉంచడం దండగ. కానీ తోట కోలుకుంటే? మొదటి రకం మొక్కలు ఇంకో 40 కాయలు, రెండో రకం ఇంకో 30 కాయలు పట్టగలిగితే మొక్కకు సగటు 52 కాయలు అవుతుంది. ఆరు క్వింటాళ్ల పైన వస్తుంది. ఉంచాలి. అంటే నిర్ణయమంతా కోలుకుంటుందా లేదా అన్నదాని మీద ఉంది. దాన్ని ఊహతో తేల్చొద్దు, చేలో పరీక్షించండి.

మొదటి రకంలో పది, రెండో రకంలో పది మొక్కలకు రంగు గుడ్డపీలిక కట్టండి. మంచివి ఏరి కట్టొద్దు, చేను నలుమూలలా ఉండాలి. మూడో రకంలో వైరస్ మొక్కలను పీకి చేను బయట కాల్చెయ్యండి. తరవాత ఒకే ఒక్క విడత సస్యరక్షణ సరిగ్గా చెయ్యండి. ఉద్యాన అధికారికి గాని, కృషి విజ్ఞాన కేంద్రం వారికి గాని పురుగు పట్టిన కొమ్మ చూపించి, వారు రాసిచ్చిన ఒక్క మందే కొట్టండి. నాలుగు డబ్బాలు కలిపి కొడితే ఏది పని చేసిందో తెలియదు, మొక్క కూడా మాడుతుంది. సింథటిక్ పైరిత్రాయిడ్ మందుల జోలికి పోవద్దు, అవి తామర పురుగును తినే మిత్రపురుగులను చంపి ఉన్న బెడదను పెంచుతాయి. యూరియా ఆపండి. లేత చిగురు ఎక్కువైతే పురుగుకే మేత. నీలిరంగు జిగురు అట్టలు పెట్టండి. దీనికంతా నాలుగు వేల లోపే ఖర్చు పెట్టాలని ముందే అనుకోండి.

పన్నెండో రోజున పీలిక కట్టిన ఇరవై మొక్కలూ చూడండి. మొదటి రకం మొక్కలో కొత్త పూత నిలిచి పిందె కడితే అది కోలుకున్నట్టు. రెండో రకం మొక్కలో కొత్తగా వచ్చిన ఆకు సాపుగా, మామూలు సైజులో ఉండి మొగ్గ కనిపిస్తే అది కోలుకున్నట్టు. పాత ఆకు ముడత విప్పుకోదు, దాన్ని చూసి బెంబేలు పడొద్దు. పురుగు లేకపోయినా కొత్త ఆకు కూడా చిన్నగా, ముడతగా వస్తుంటే మాత్రం అది వైరసే.

ఎన్ని కోలుకుంటే ఉంచాలో మందు కొట్టకముందే పుస్తకంలో రాసి పెట్టుకోండి. మన ఉదాహరణలో ఇరవైకి పదహారు కోలుకుంటే దిగుబడి ఐదున్నర క్వింటాళ్లు దాటి, మొక్కజొన్న మిగులుకు సమానమవుతుంది. కాబట్టి పదహారు, ఆపైన అయితే ఉంచాలి. పదే కోలుకుంటే దిగుబడి నాలుగున్నర క్వింటాళ్లు, కోత కూలి పెరుగుతుంది కాబట్టి క్వింటాలుకు 7 వేలు మిగిలిందనుకున్నా పెట్టిన 30 వేలకు మీద రెండు వేలు కూడా గట్టిగా మిగలవు. పదహారుకు తక్కువైతే నీరున్న రైతు తీసెయ్యడమే మేలు. నీరు లేక వేరే పైరుకు దారి లేని రైతు మాత్రం పది దాటితే ఉంచుకోవచ్చు. అది కూడా ధర పడిపోకుండా ఉంటేనే.

ముందే ఎందుకు రాసుకోవాలంటే, పన్నెండో రోజున పదకొండు మొక్కలు కోలుకుంటే మనసు "ఇంకో వారం చూద్దాం" అంటుంది. పరీక్షకు పెట్టిన నాలుగు వేలు కూడా ఆరోజుకు పోయిన ఖాతాలోదే. దాని కోసం ఇంకో నాలుగు వేలు పెట్టొద్దు. మందుల షాపులో అరువు ఉంటే మరీ జాగ్రత్త. అరువు ఇచ్చిన చోట "తీసెయ్" అనే సలహా దొరకడం కష్టం.

అదను దాటితే పరీక్ష కూడా వద్దు

మిరపలో పూత నుంచి పండుకాయకు సుమారు యాభై రోజులు పడుతుంది. ఇప్పుడు పరీక్ష మొదలెడితే డిసెంబరు ఆఖరుకు కొత్త పూత నిలుస్తుంది, ఫిబ్రవరి మధ్యకు కాయ పండుతుంది. మార్చిలో ఇంకో కోత ఉంటుంది. అదే పరీక్ష జనవరి మధ్యలో మొదలెడితే పూత ఫిబ్రవరిలో, పండు మార్చి ఆఖరున. అప్పటికి ఎండ ముదురుతుంది, కాలవ కట్టేసే రోజులు దగ్గరపడతాయి. కాయ తాలుబడి యార్డులో సగం ధర కూడా పలకదు. అందుకే జనవరి పదో తేదీ దాటాక కోలుకోని తోట మీద కొత్తగా ఖర్చు మొదలెట్టొద్దు. బోరు నీరు గట్టిగా ఉన్నవారికి మరో వారం వెసులుబాటు, అంతే.

కోసుకుని వదిలేసే దారి

ఉంచడం, తీసెయ్యడం కాక ఇంకో దారి కూడా ఉంది. మందు, ఎరువు పూర్తిగా ఆపేసి, చెట్టు మీద ఉన్న కాయ పండేదాకా ఒకటి రెండు తడులు మాత్రం ఇచ్చి, ఒక్క కోత కోసుకుని తోట తీసెయ్యడం. మన మెరక ఎకరంలో మూడు క్వింటాళ్లకు పల్చటి కోత లెక్కన 15 వేల దాకా మిగులుతుంది. జనవరి రెండో పక్షానికి చేను ఖాళీ అయితే వేసవి నువ్వుకు అదను దొరుకుతుంది. మొక్కజొన్నకు సరిపడా నీరు లేనివారికి, ఇంట్లోవాళ్లే కోసుకునేవారికి ఇది బాగా పనికొస్తుంది. అయితే కోసిన మర్నాడే మొక్కలు పీకెయ్యాలి. మందు ఆపిన తోట అలాగే నిలబడితే చుట్టుపక్కల చేలకు పురుగు, వైరస్ అక్కడి నుంచే పోతాయి.

తీసేసేముందు, తీసేశాక

తీసెయ్యాలని నిర్ణయించుకున్నా రేపే ట్రాక్టరు పెట్టొద్దు. ముందు గ్రామంలోని రైతు సేవా కేంద్రానికి వెళ్లి మీ చేను ఈ-క్రాప్‌లో నమోదయిందో లేదో, బీమా ఏమైనా వర్తిస్తుందో అడగండి. అధికారి వచ్చి చూసేదాకా ఆగాలంటే ఆగండి, చేను ఫొటోలు తీయించి పెట్టుకోండి. దున్నేశాక చూపించడానికి ఏమీ మిగలదు. కౌలు రైతు పొలం యజమానికి కూడా ముందే చెప్పాలి.

మొక్కలను వేళ్లతో సహా పీకి కుప్పవేసి కాల్చాలి. పైపైన రోటవేటరు తొక్కిస్తే మోళ్లు మళ్లీ చిగురించి తెల్లదోమకు ఆశ్రయమవుతాయి. ఆ చేలో వెంటనే టమాటా, వంగ వేయొద్దు. మొక్కజొన్న, జొన్న అయితే మిరప వైరస్‌తో పేచీ ఉండదు. మినుము, పెసర వేసేవారు తెల్లదోమ ఉధృతి చూసుకుని, పల్లాకు తెగులును తట్టుకునే రకాలే ఎంచుకోవాలి.

ఈ వారం చెయ్యాల్సిన పని ఇదీ. ఒక ఉదయం కాగితం, పెన్సిలు పట్టుకుని చేలోకి దిగి వంద మొక్కలు లెక్కపెట్టండి. ఎకరానికి ఎన్ని క్వింటాళ్లు ఉందో రాయండి. ఇకపై పెట్టాల్సింది, కోత కూలి పోగా మిగిలేది, వేరే పైరులో మిగిలేది పక్కపక్కన వెయ్యండి. గీతకు పైన ఉంటే ధైర్యంగా ఉంచండి. బాగా కింద ఉంటే తీసెయ్యండి. మధ్యలో ఉంటే గుడ్డపీలికలు కట్టి పన్నెండు రోజులు చూడండి. పదమూడో రోజున మాత్రం పుస్తకంలో మీరే రాసుకున్న అంకె ఏం చెప్తే అదే చెయ్యండి.